క్లాస్ 1, క్లాస్ 2, క్లాస్ 3: దవడ పళ్ల కలయికను బట్టి క్లిప్పుల చికిత్సను ఎంచుకోవడం

హనుమకొండలోనో కరీంనగర్‌లోనో పిల్లల ఎత్తు పళ్లకు క్లిప్పులు వేయించాలని వెళ్లిన తల్లిదండ్రుల కేస్ షీట్ మీద చాలాసార్లు "క్లాస్ 2 డివిజన్ 1" అని రాసి ఉంటుంది. అదే షీట్‌తో మరో ఇద్దరు డాక్టర్లను కలిస్తే, ఒకరు నోట్లో పెట్టి తీసే ప్లేటుతో మొదలుపెడదామంటారు, ఒకరు పైన రెండు పళ్లు తీయాలంటారు, ఇంకొకరు ఎదుగుదల ఆగిన తర్వాత దవడకు ఆపరేషన్ చేయించడం మేలంటారు. ముగ్గురూ క్లాస్‌ను సరిగానే చదివి ఉండవచ్చు. తేడా వచ్చేది క్లాస్ దగ్గర కాదు. లోపం ఎముకలో ఉందా పళ్లలో ఉందా, పిల్లలో ఇంకా ఎంత ఎదుగుదల మిగిలి ఉంది, చికిత్స ముగిసేసరికి దవడ పళ్లు ఏ కలయికలో స్థిరపడాలి అనే మూడు ప్రశ్నలకు వారు ఇచ్చుకున్న జవాబుల దగ్గర వస్తుంది. ఈ మూడింటిలో రోగికి ఎవరూ విడమరచి చెప్పనిది చివరిది. ఏ పన్ను తీయాలి, ఏ పన్ను ఉంచాలి అన్న నిర్ణయం మొత్తం దాని మీదే నడుస్తుంది కనుక ఈ వ్యాసంలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

ఈ వర్గీకరణను 1899లో అమెరికన్ దంతవైద్యుడు ఎడ్వర్డ్ ఆంగిల్ ప్రతిపాదించాడు. ఆరేళ్ల వయసు ప్రాంతంలో, పాల పళ్ల వరుసకు వెనక, ఏ పాల పన్నూ ఊడకుండానే వచ్చే మొదటి శాశ్వత దవడ పన్నును, అంటే మొదటి మోలార్‌ను, అతడు కొలబద్దగా తీసుకున్నాడు. పై మొదటి మోలార్‌కు చెంప వైపు ముందు భాగంలో ఒక మొన ఉంటుంది, కింది మొదటి మోలార్‌కు చెంప వైపు ఒక గాడి ఉంటుంది. నోరు మూసినప్పుడు ఆ మొన సరిగ్గా ఆ గాడి మీదికి వస్తే క్లాస్ 1. కింది మోలార్ ఉండవలసిన చోటు కన్నా వెనక్కు ఉంటే క్లాస్ 2, ముందుకు ఉంటే క్లాస్ 3. క్లాస్ 2లో పై ముందు పళ్లు బయటికి వాలి ఉంటే డివిజన్ 1, లోపలికి మడిచినట్టుంటే డివిజన్ 2.

క్లాస్ పేరు పక్కన ఎంత తేడా అన్నది కూడా రాసి ఉండాలి, కానీ చాలా షీట్లలో అది ఉండదు. పై మొన గాడిని దాటి, కింది వరుసలో కోర పన్నుకూ మోలార్‌కూ మధ్య ఉండే రెండు ప్రీమోలార్లలో రెండోదానికీ మొదటి మోలార్‌కూ మధ్య సందులోకి వచ్చి పడితే తేడా ఒక పూర్తి మొన. అది దాదాపు 7 మి.మీ., అంటే ఇంచుమించు ఒక ప్రీమోలార్ వెడల్పు. మొన మీద మొన ఎదురెదురుగా నిలిస్తే సగం మొన, అంటే సుమారు 3.5 మి.మీ. ఒక ప్రీమోలార్ తీస్తే వచ్చే ఖాళీ కూడా దాదాపు 7 మి.మీ.యే కావడం వల్ల, చికిత్స ప్రణాళికలోని లెక్కలన్నీ ఈ రెండు అంకెల చుట్టూనే తిరుగుతాయి.

అయితే లెక్కకు ముందు చదువు సరిగా ఉండాలి. ఎనిమిదేళ్ల పిల్లలో మోలార్లు మొనకు మొనగా నిలవడం చాలాసార్లు సహజమే. కింది వరుసలోని పాల కోర పన్ను, పాల దవడ పళ్లు వాటి చోట రాబోయే శాశ్వత పళ్ల కన్నా ఒక్కో వైపు సగటున 1.7 మి.మీ. వెడల్పుగా ఉంటాయి, పైన ఈ మిగులు 0.9 మి.మీ. మాత్రమే. పాల పళ్లు ఊడినప్పుడు కింది మోలార్ పైదానికన్నా కాస్త ఎక్కువ ముందుకు జరిగి, ఎదుగుదల కూడా తోడై, చాలామందిలో క్లాస్ 1 కుదురుతుంది. ఆ వయసులో "సగం క్లాస్ 2" అని విని వెంటనే క్లిప్పులు వేయించనవసరం లేదు. ఇంకో పొరపాటు పుచ్చిపోయిన పాల దవడ పన్నును తొందరగా తీయించినప్పుడు పుడుతుంది. వెనకున్న పై మోలార్ ఆ ఖాళీలోకి వాలి ముందుకు తిరుగుతుంది, దవడ ఎముకలు బాగానే ఉన్నా షీట్ మీద క్లాస్ 2 అని పడుతుంది. ఎలా గుర్తించాలంటే, ఒక వైపే క్లాస్ 2 ఉండి, అదే వైపు పాల పన్ను ముందుగా పోయిన చరిత్ర ఉండి, రెండు వైపులా కోర పళ్లు మాత్రం తమ చోట కూర్చుని ఉంటే మోలార్‌ను అనుమానించాలి. మోలార్, కోర పన్ను వేర్వేరు మాటలు చెబుతున్నప్పుడు నేను కోర పన్ను మాటనే ముందు వింటాను.

క్లాస్ 1 గురించి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఇక్కడ దవడ పళ్లు ముందువెనకల లెక్కలో సరిగానే ఉన్నాయి, కాబట్టి సమస్య పళ్లకు చోటు చాలకపోవడమో, చోటు మిగిలిపోవడమో, మన ప్రాంతంలో తరచుగా చూసేట్టు పైవీ కిందివీ రెండూ కలిసి ముందుకు ఉండి పెదవులు మూతపడకపోవడమో అయి ఉంటుంది. ఉన్న మోలార్ కలయికను చెడగొట్టకుండా పని ముగించాలి, అందుకని పళ్లు తీయవలసి వస్తే సాధారణంగా పైన రెండు, కింద రెండు, సమానంగా తీస్తారు. పెదవులు అందంగా మూతపడుతూ, చోటు 3, 4 మి.మీ. మాత్రమే తక్కువైన పిల్లకు నాలుగు పళ్లు తీస్తామంటే కారణం అడగడం సమంజసం. అంత తక్కువ చోటును పంటి పక్కల కొద్దిగా అరగదీసో, వరుసను కాస్త వెడల్పు చేసో చాలాసార్లు సంపాదించవచ్చు.

అసలు ఎంపిక కష్టమయ్యేది క్లాస్ 2లో. దీనికి ఒకే ఇంటి నుంచి వచ్చిన ఇద్దరిని ఊహించుకుందాం. పరకాల వైపు నుంచి వచ్చిన పన్నెండేళ్ల అమ్మాయి, ఆమెను తోడు తీసుకొచ్చిన ఇరవై ఏడేళ్ల చిన్నమ్మ. ఇద్దరికీ రెండు వైపులా పూర్తి మొన క్లాస్ 2 డివిజన్ 1. ఇద్దరికీ పై ముందు పళ్లు కింది ముందు పళ్ల కన్నా 9 మి.మీ. ముందుకు ఉన్నాయి, ఉండవలసింది 2, 3 మి.మీ. కింది వరుస ఇద్దరిలోనూ ఇరుకు లేకుండా చక్కగా ఉంది. షీట్ మీద ఇద్దరి క్లాస్ ఒకటే, చికిత్స మాత్రం ఒకటి కాదు.

ముందుగా ఎముక సంగతి తేల్చుకోవాలి. పక్క నుంచి తీసే తల ఎక్స్‌రేలో, అంటే సెఫలోగ్రామ్‌లో, పుర్రె అడుగు భాగాన్ని ఆధారంగా చేసుకుని పై దవడ, కింది దవడ ఎంత ముందుకు ఉన్నాయో కోణాల్లో కొలుస్తారు. సాధారణంగా పై దవడ కోణం 82 డిగ్రీల దగ్గర, కింది దవడ కోణం 80 డిగ్రీల దగ్గర ఉండి, రెంటికీ తేడా 2 డిగ్రీలు ఉంటుంది. అమ్మాయి ఎక్స్‌రేలో పైది 81, కిందిది 74, తేడా 7. పై దవడ తన చోటనే ఉంది, వెనకబడింది కింది దవడ. ఎక్స్‌రే లేకుండానే దీన్ని సగం పోల్చుకునే ఒక పరీక్ష ఉంది. పిల్లను పక్క నుంచి చూస్తూ, ముందు పళ్లు ఒకదానికొకటి తగిలేదాకా కింది దవడను ముందుకు చాపమనాలి. ముఖం అప్పుడు బాగనిపిస్తే లోటు కింది దవడది. ముందుకు చాపినకొద్దీ మూతి మొత్తం ఉబ్బినట్టయితే లోపం పై దవడలోనో పై పళ్లలోనో ఉందని, కింది దవడను ముందుకు తేవడం దీనికి మందు కాదని అర్థం చేసుకోవాలి.

ఈ పరీక్షలో అమ్మాయి ముఖం బాగుపడింది అనుకుందాం. తర్వాతి ప్రశ్న ఎదుగుదల. అదే సెఫలోగ్రామ్‌లో మెడ పూసలు కూడా కనిపిస్తాయి. రెండో, మూడో పూసల అడుగు అంచులు లోపలికి వంపు తిరిగి, నాలుగోదానిలో ఆ వంపు అప్పుడే మొదలవుతూ ఉంటే కింది దవడ వేగంగా పెరిగే కాలం దగ్గరలో ఉన్నట్టు. తల్లిని పక్కకు పిలిచి అమ్మాయి పెద్దమనిషి అయిందా అని డాక్టరు అడిగేది కూడా ఇందుకే. సాధారణంగా ఆ ఘట్టం వచ్చేనాటికి ఎదుగుదల శిఖరం దాటిపోయి ఉంటుంది. దాటితే మిగిలేది ఏమీ లేదని కాదు, మిగిలింది తక్కువ.

మన అమ్మాయికి ఇంకా సమయం ఉంది. అందుకని మొదటి దారి ట్విన్ బ్లాక్. 1977లో స్కాట్లండ్‌కు చెందిన విలియం క్లార్క్ రూపొందించిన ఈ పరికరంలో పైన ఒకటి, కింద ఒకటి రెండు అక్రిలిక్ ప్లేట్లు ఉంటాయి. వాటి మీది దిమ్మలు 70 డిగ్రీల వాలుతో ఒకదాని మీద ఒకటి జారి, నోరు మూసిన ప్రతిసారీ కింది దవడ ముందుకే వచ్చేట్టు చేస్తాయి. 9 మి.మీ. తేడా ఉన్న ఈ అమ్మాయికి మొదటి అచ్చులోనే కింది దవడను 7 మి.మీ. దాకా ముందుకు తెచ్చి దిమ్మలు తయారు చేయవచ్చు. అన్నం తినేటప్పుడు కూడా ఉంచుకుంటూ, తోముకోవడానికీ ఈతకూ మాత్రమే తీస్తూ, తొమ్మిది నెలల నుంచి సంవత్సరం వాడాలి. ఆ తర్వాత పళ్లను వరుసలో కూర్చోబెట్టడానికి ఇంకో ఏడాది, ఏడాదిన్నర క్లిప్పులు తప్పవు. లక్ష్యం మోలార్లను క్లాస్ 1కు తేవడం, పళ్లేవీ తీయకుండా.

దీని గురించి అతిగా ఆశపడకూడదు. తగ్గిన 6, 7 మి.మీ.లలో ఎక్కువ భాగం పై పళ్లు వెనక్కు, కింది పళ్లు ముందుకు వాలడం వల్లనే వస్తుంది, దవడ నిజంగా అదనంగా పెరిగింది అందులో చిన్న వాటా. కాబట్టి కింది ముందు పళ్లు మొదటి నుంచే బయటికి వాలి ఉన్న పిల్లకు ఈ పరికరం పళ్లను మరింత వాల్చి, చిగురు పలచబడేట్టు చేయవచ్చు. ప్రతి సందర్శనలో డాక్టరు కింది దవడను మెల్లగా వెనక్కు నెట్టి, పూర్తిగా వెనకున్న స్థితిలోనే తేడాను కొలవాలి. ఎందుకంటే అలవాటు కొద్దీ దవడను ముందుకు చాపి కొరికే పిల్లలు ఉంటారు, అద్దంలో పళ్లు కలిసినట్టే కనిపిస్తాయి, పడుకున్నప్పుడు మళ్లీ వెనక్కు పోతాయి. సరిగా వాడుతున్న పిల్లలో నెలకు ఇంచుమించు 1 మి.మీ. చొప్పున తేడా తగ్గుతూ రావాలి. ఆరు నెలలు గడిచినా కొలత కదలకపోతే ఇంకో ఆరు నెలలు చూద్దామనడం కన్నా దారి మార్చడం మంచిది.

ఇక్కడ మన జిల్లాలకు సంబంధించిన ఒక విషయం చెప్పాలి. గురుకుల పాఠశాలలో ఉంటూ దసరాకో సంక్రాంతికో ఇంటికి వచ్చే పిల్లకు తీసి పెట్టుకునే పరికరం ఇచ్చి, నెల నెలా రమ్మనడం కాగితం మీద మాత్రమే కుదిరే ప్రణాళిక. ప్లేటును పుస్తకాల పెట్టెలో పెట్టుకుని సెలవులకు వచ్చిన పిల్లలను చూడని ఆర్థోడాంటిస్టు ఉండరు. అటువంటప్పుడు కింది దవడను ముందుకే ఉంచేలా క్లిప్పులకే తగిలించి వదిలేసే స్థిర ఫంక్షనల్ పరికరం ఆలోచించదగ్గది. పిల్ల తనంతట తీయడానికి వీలుండదు కాబట్టి పని జరుగుతుంది. అయితే అది విరిగితే అదే వారం డాక్టరు దగ్గరికి తేవాలి, కింది పళ్లను వాల్చే గుణం దానికీ ఉంది, సకినాలూ మక్క కంకులూ నేరుగా కొరికే ఇంట్లో అది ఎక్కువ కాలం నిలవదు.

ఎనిమిదేళ్లకే మొదలుపెడితే ఇంకా మేలు కదా అని చాలామంది అడుగుతారు. 2018లో వెలువడిన కోక్రేన్ సమీక్ష ఈ ప్రశ్న మీద జరిగిన పరీక్షలను కలిపి చూసింది. చిన్నప్పుడు ఒకసారి, పెద్దయ్యాక మళ్లీ ఒకసారి చికిత్స పొందిన పిల్లలకూ, కౌమారంలో ఒకేసారి పొందిన పిల్లలకూ చివరి ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మిగిలిన లాభం ఒక్కటే, ముందు మొదలుపెట్టినవారిలో పై ముందు పళ్లకు దెబ్బలు తగలడం తగ్గింది. కాబట్టి పెదవి కప్పనంతగా పళ్లు బయటికి ఉండి, ఆటల్లో పడుతూ లేస్తూ ఉండే పిల్లకో, బడిలో ఎగతాళికి కుంగిపోతున్న పిల్లకో ముందుగా మొదలుపెట్టడం సరే. మిగతావారికి ఆగడమే ఖర్చూ ప్రయాణాలూ తగ్గించే మార్గం.

ఇప్పుడు చిన్నమ్మ సంగతి. ఎదుగుదల ముగిసింది కాబట్టి ట్విన్ బ్లాక్ ఆమెకు పనికిరాదు. రెండు దారులు మిగిలాయి. ఎముక లోపాన్ని అలాగే ఉంచి పళ్లను కదిపి కప్పిపుచ్చడం ఒకటి. ఆపరేషన్‌తో కింది దవడను ముందుకు తేవడం ఇంకొకటి.

కప్పిపుచ్చే దారిలో పైన మాత్రమే, రెండు వైపులా మొదటి ప్రీమోలార్లను తీస్తారు. కింద ఏమీ తీయరు. ఒక్కో వైపు వచ్చిన 7 మి.మీ. ఖాళీలోకి కోర పన్ను వెనక్కు వెళ్లి తన సరైన చోట, అంటే కోర పన్ను లెక్కలో క్లాస్ 1లో, కూర్చుంటుంది, దాని వెనకే ముందు పళ్లు 6, 7 మి.మీ. లోపలికి వస్తాయి. మోలార్లు మాత్రం ఎక్కడున్నవి అక్కడే, పూర్తి క్లాస్ 2లోనే ఉండిపోతాయి. ఇది వినగానే "మరి క్లాస్ 2 బాగు కాలేదు కదా" అనిపిస్తుంది, కానీ పూర్తి మొన తేడాలో పై మొన కింది రెండు పళ్ల సందులో స్థిరంగా కూర్చుంటుంది, నమలడానికి ఇబ్బంది ఉండదు. ఇబ్బంది పెట్టేది మొన మీద మొన నిలిచిపోయే మధ్యస్థ స్థితి. అందువల్ల చివరి మోలార్ కలయిక క్లాస్ 1 అయినా కావాలి, పూర్తి క్లాస్ 2 అయినా కావాలి, నడిమధ్యలో ఆపకూడదు.

ఈ దారిలో అన్నిటికన్నా ఎక్కువగా చెడేది మోలార్ జారడం. ముందు పళ్లను వెనక్కు లాగే బలమే మోలార్‌ను ముందుకు లాగుతుంది. చిన్నమ్మకు 7 మి.మీ. ఖాళీలో దాదాపు మొత్తం ముందు పళ్లకే కావాలి. మోలార్ 3 మి.మీ. ముందుకు జారితే ముందు పళ్లు 4 మి.మీ. మాత్రమే వెనక్కు వస్తాయి, 9 కాస్తా 5 దగ్గర ఆగిపోతుంది, ఖాళీ మాత్రం మూసుకుపోతుంది. ఇక చేయడానికి ఏమీ మిగలదు. అందుకని ఇటువంటి కేసుల్లో రెండో ప్రీమోలార్‌కూ మొదటి మోలార్‌కూ మధ్య ఎముకలో చిన్న స్క్రూ బిగించి, లాగే బలాన్ని దాని మీద మోపుతారు. స్క్రూ లేకుండా చేస్తామంటే మోలార్‌ను ఎలా ఆపుతారో అడగాలి. ఇదే క్లాస్ 2 సగం మొన అయి ఉంటే లెక్క మారేది. కోర పన్ను 3.5 మి.మీ. వెనక్కు రావాలి, మోలార్ 3.5 మి.మీ. ముందుకు వెళ్లి పూర్తి క్లాస్ 2 కావాలి, అంటే కొంత జారడం ప్రణాళికలోనే ఉంది. షీట్ మీద పూర్తి, సగం అన్న మాట రాయించుకోవడం ఎందుకు అవసరమో ఇక్కడ తేలుతుంది.

కింద కూడా రెండు పళ్లు తీస్తామని ఎవరైనా అంటే కింది వరుసలో ఎంత ఇరుకు ఉందో చూడాలి. ఇరుకు లేని కింది వరుసలో ప్రీమోలార్లు తీస్తే ఆ ఖాళీ మూసుకునేటప్పుడు కింది ముందు పళ్లు వెనక్కు వస్తాయి, అప్పుడు పైకీ కిందికీ తేడా తగ్గడానికి బదులు పెరుగుతుంది. 6 మి.మీ. ఇరుకు ఉన్న కేసులో సంగతి వేరు. కింద రెండో ప్రీమోలార్లు తీస్తే 14 మి.మీ. వస్తుంది, 6 ఇరుకుకు పోతే ఒక్కో వైపు 4 మి.మీ. మిగులుతుంది, కింది మోలార్ అంత మేర ముందుకు వచ్చి సగం మొన క్లాస్ 2ను క్లాస్ 1గా మార్చగలదు. మన ఇద్దరిలో ఎవరికీ ఆ ఇరుకు లేదు.

ఆపరేషన్ దారిలో పళ్లు తీసే పద్ధతి తలకిందులవుతుంది. వెనకబడిన కింది దవడ లోటును పూడ్చుకోవడానికి కింది ముందు పళ్లు ఏళ్ల తరబడి బయటికి వాలి ఉంటాయి. ముందు వాటిని ఎముక మీద నిటారుగా నిలబెట్టాలి, అవసరమైతే కింది ప్రీమోలార్లు తీసి మరీ. దానివల్ల 9 మి.మీ. తేడా 11, 12 దాకా పెరిగి, ముఖం మొదటికన్నా అధ్వాన్నంగా కనిపించే నెలలు కొన్ని వస్తాయి. ఆ తేడా ఎంత ఉంటే శస్త్రచికిత్సలో కింది దవడను అంత ముందుకు తేగలుగుతారు. ఆపరేషన్ ముందు ఏడాది, ఏడాదిన్నర, తర్వాత కొన్ని నెలలు క్లిప్పులు ఉంటాయి, మోలార్లు క్లాస్ 1కు వస్తాయి. కింది పెదవి, గడ్డం దగ్గర తిమ్మిరి కొంతమందిలో కొన్ని నెలలు, కొద్దిమందిలో శాశ్వతంగా ఉండిపోవచ్చన్నది ముందే తెలుసుకోవలసిన విషయం.

ఈ రెండు దారులూ ఒకదానికొకటి ఎదురు. పై ప్రీమోలార్లు తీసి పళ్లు వెనక్కు లాగిన తర్వాత రెండేళ్లకు "గడ్డం లేదు, ఆపరేషన్ చేయించుకుంటాను" అంటే దవడను ముందుకు తేవడానికి మిగిలిన తేడా 2, 3 మి.మీ. మాత్రమే. అప్పుడు మూసిన ఖాళీలను మళ్లీ తెరవడం లాంటి కష్టమైన పనులు చేయాల్సి వస్తుంది. అందుచేత పళ్లు తీయకముందే ఎంచుకోవాలి. ఎదుగుదల ముగిసినవారిలో తేడా 10 మి.మీ. దాటితే పళ్లతో కప్పిపుచ్చడం సాధారణంగా సంతృప్తినివ్వదని పాఠ్యగ్రంథాలు చెబుతాయి, 9 మి.మీ. ఆ సరిహద్దుకు ఇవతలే ఉంది. మిగిలింది ముఖం. ముక్కు అడుగుకూ పై పెదవికీ మధ్య కోణం ఆమెకు 95 డిగ్రీలు ఉందనుకుంటే పెదవి కొంత వెనక్కు వెళ్లినా బాగానే ఉంటుంది. అది 115 ఉన్న మనిషికి పై పళ్లు లాగితే పెదవి కుంగి, ముక్కు పెద్దదిగా, వయసు మీరినట్టు కనిపిస్తుంది. ఆ తర్వాత ఆమెనే అడగాలి. నవ్వితే పళ్లే కనిపిస్తున్నాయన్నది ఆమె బాధ అయితే పై పళ్లు తీసే దారి సరిపోతుంది. పక్క నుంచి ఫోటో తీస్తే గడ్డం లేనట్టుందన్నది బాధ అయితే పళ్లను ఎంత లాగినా ఆ బాధ తీరదు, ఆపరేషన్ సంగతి సూటిగా మాట్లాడుకోవాలి.

అమ్మాయికి ట్విన్ బ్లాక్ ముందు చెప్పడానికి కారణం కూడా ఇదే. అది విఫలమైనా పై పళ్లు తీసే దారి, పెద్దయ్యాక ఆపరేషన్ దారి రెండూ తెరిచే ఉంటాయి. పన్నెండేళ్లకే పై ప్రీమోలార్లు తీస్తే ఎదుగుదల అనే అవకాశాన్ని వాడుకోకుండా వదిలేసినట్టవుతుంది. డివిజన్ 2లో కూడా తర్కం ఇదే, కాకపోతే లోపలికి మడిచిన పై ముందు పళ్లను ముందు బయటికి తెచ్చి, దవడ ముందుకు రావడానికి దారి ఇచ్చి, ఆపై మిగతాది మొదలుపెడతారు. ఆ పళ్లు బయటికి వస్తుంటే "ఎత్తు పళ్లు చేస్తున్నారు" అని ఇంట్లో కంగారు పడడం మామూలే.

క్లాస్ 3లో కాలం లెక్క తిరగబడుతుంది. క్లాస్ 2లో ఎదుగుదల మనకు సాయపడుతుంది, క్లాస్ 3లో అదే ఎదుగుదల చేసిన పనిని చెడగొడుతుంది. ముందుగా తేల్చుకోవలసింది ఇది నిజమైన క్లాస్ 3యేనా అన్నది. కింది దవడను మెల్లగా వెనక్కు నడిపించి మూయిస్తే ముందు పళ్లు అంచుకు అంచు తగిలి, అక్కడి నుంచి పిల్ల ముందుకు జారి కొరుకుతూ ఉంటే, చాలావరకు అది పంటి అడ్డం వల్ల పుట్టినది. ఒకటి రెండు పళ్లను సరిచేస్తే తొలగిపోవచ్చు, దాన్ని ఆలస్యం చేయకూడదు. పై దవడ చిన్నదై వచ్చిన నిజమైన క్లాస్ 3లో పదేళ్లలోపు ఫేస్ మాస్క్ వాడతారు. నుదుటికీ గడ్డానికీ ఆనించిన చట్రం నుంచి రబ్బర్లతో పై దవడను ముందుకు లాగుతారు, రోజుకు పన్నెండు, పద్నాలుగు గంటలు. ఎక్కువగా సాయంత్రం నుంచి తెల్లవారేదాకా వాడేది కనుక బడికి పెట్టుకుపోనవసరం లేదు, వేసవి సెలవుల్లో మొదలుపెడితే అలవాటు పడటం సులువు.

కింది దవడే పెద్దదైతే, ముఖ్యంగా తండ్రికో తాతకో గడ్డం ముందుకు ఉన్న ఇంటి అబ్బాయికి, పద్నాలుగేళ్లకు కింద రెండు ప్రీమోలార్లు తీసి కప్పిపుచ్చుదామన్న ప్రతిపాదనను నేను ఒప్పుకోను. ఆ చికిత్సలో మోలార్లు క్లాస్ 3లోనే ఉండిపోతాయి, కింది ముందు పళ్లు లోపలికి వాలుతాయి. అబ్బాయిలో దవడ పద్దెనిమిది దాటినా పెరగవచ్చు కాబట్టి రెండేళ్లలో కింది ముందు పళ్లు మళ్లీ పై పళ్లకు ముందుకు వచ్చే ఎదురు కొరుకుడులోకి పోతాయి, ఆపరేషన్‌కు కావలసిన తేడా మాత్రం అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది. అటువంటి అబ్బాయికి పై పళ్ల ఇరుకు తీయడం, పుచ్చు రాకుండా చూసుకోవడం వంటి చిన్న పనులు చేసుకుంటూ, ఏడాది ఎడంతో రెండు సెఫలోగ్రాములు తీయించాలి. ఒకదాని మీద ఒకటి పెట్టి చూసినప్పుడు కింది దవడ కొలత మారలేదని తేలిన తర్వాతే ఆపరేషనా, కప్పిపుచ్చడమా అన్నది రాసుకోవాలి. కొలత ఇంకా మారుతూ ఉంటే మరో ఏడాది ఆగి మూడో ఎక్స్‌రే తీయిస్తారు.